నిమిషంలో నీటి ప్రయాణం: దుగ్గిరాల లాకుల దగ్గర ఒక వీడియో

సైన్స్ ఫెయిర్ కోసం జలచక్రం మీద వీడియో తీద్దామనుకున్న పిల్లలకు ముందుగా గుర్తొచ్చేది పాఠ్యపుస్తకంలోని బొమ్మ. ఎడమ పక్క సముద్రం, పైన సూర్యుడు, మధ్యలో మబ్బు, కుడి పక్క కొండ, కొండ మీంచి దిగే ఏరు, చుట్టూ బాణాలు. ఆ బొమ్మలో తప్పేమీ లేదు. కానీ దాన్ని తెర మీద పెట్టి "సూర్యుని వేడికి నీరు ఆవిరై, మేఘాలుగా మారి, వర్షంగా కురుస్తుంది" అని చదివితే పది సెకన్లలో మాట అయిపోతుంది. మిగిలిన యాభై సెకన్లూ సంగీతంతో నింపాల్సిందే. అంతకన్నా పెద్ద ఇబ్బంది మరొకటి ఉంది. ఆ ఒక్క వాక్యం విన్న నాలుగో తరగతి పిల్ల మూడు పొరపాటు అభిప్రాయాలతో లేచి వెళ్తుంది. నీరు బాగా కాగితేనే ఆవిరవుతుందనీ, మబ్బు అంటే ఆవిరేననీ, ఎక్కడ పైకి లేచిన నీరు అక్కడే కురుస్తుందనీ అనుకుంటుంది.

ఆ మూడింటినీ సరిదిద్దుతూ, అరవై సెకన్లలో పూర్తయ్యే వ్యాఖ్యానం రాయవచ్చు. అందుకు చేయాల్సిన మొదటి పని భూమ్మీది నీళ్లన్నిటి సంగతీ చెప్పాలన్న కోరిక వదులుకోవడం. ఒక చోట నిలబడి, ఎదురుగా పారుతున్న నీళ్లు ఎక్కడినుంచి వచ్చాయి, ఎక్కడికి పోతున్నాయి అన్నది మాత్రమే చెప్పాలి. ఈ అధ్యాయంలో ఆ చోటు దుగ్గిరాల లాకులు.

ఈ నీళ్లు ఎక్కడివి?

విజయవాడ ప్రకాశం బ్యారేజీకి కుడివైపున, సీతానగరం దగ్గర కృష్ణా పశ్చిమ డెల్టా ప్రధాన కాలువ మొదలవుతుంది. 1855లో కృష్ణ మీద ఆనకట్ట పూర్తయిన నాటి నుంచి ఈ వైపు పొలాలకు నీరు ఈ దారినే వస్తోంది. పాత ఆనకట్ట స్థానంలో 1957లో బ్యారేజీ వచ్చినా కాలువ దారి మారలేదు. ఆ కాలువ దుగ్గిరాల చేరాక చీలుతుంది. కొన్ని పాయలు తెనాలి మీదుగా రేపల్లె, నిజాంపట్నం వైపు పోతాయి. కొమ్మమూరు కాలువ బాపట్ల ప్రాంతం మీదుగా పెదగంజాం దాకా వెళ్లి బకింగ్‌హాం కాలువలో కలుస్తుంది. ఒకప్పుడు పడవలు కూడా నడిచిన కాలువలు కాబట్టే ఇక్కడ లాకులు కట్టారు.

లాకుల మీద నిలబడి "ఈ నీళ్లు ఎక్కడివి?" అని అడిగితే పిల్లలు "కృష్ణవి" అంటారు. "కృష్ణకెక్కడివి?" అంటే "వానవి" అంటారు. ఇక్కడే ఇంకో ప్రశ్న వేయాలి: "ఎక్కడ పడిన వాన?" దుగ్గిరాలలో పడిన వాన మాత్రం కాదు. మహారాష్ట్రలో, పడమటి కనుమల్లో, మహాబలేశ్వరం దగ్గర కృష్ణ పుడుతుంది. అక్కడ ఏడాదికి 5,000 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. గుంటూరు ప్రాంతంలో సగటున వెయ్యి కూడా దాటదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వీచే నైరుతి గాలి అరేబియా సముద్రం మీదుగా తేమను మోసుకొచ్చి ఆ కనుమలకు తగులుతుంది. కనుమల్లోనూ, వాటికి తూర్పున ఉన్న కర్ణాటక, తెలంగాణ ప్రాంతాల్లోనూ కురిసిన వాన సుమారు 1,400 కిలోమీటర్ల నది దారిలో ఆల్మట్టి, జూరాల, శ్రీశైలం, నాగార్జునసాగర్, పులిచింతల జలాశయాల్లో ఆగుతూ ఆగుతూ బ్యారేజీకి చేరుతుంది.

ఇలా చూస్తే దుగ్గిరాల జలచక్రం దుగ్గిరాల ఆకాశంలో తిరిగే చిన్న సున్నా కాదని తెలుస్తుంది. పడమటి సముద్రం మీదుగా ఆవిరిగా వచ్చిన నీరు, దేశాన్ని అడ్డంగా దాటి, తూర్పు సముద్రంలో కలిసేముందు మన పొలాలను తడుపుతోంది. ఈ ఒక్క సంగతి చాలు, పాఠ్యపుస్తకంలోని బొమ్మకు పిల్లల ఊరి పేరు తగిలించడానికి.

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా వాడాలి. "ఈ కాలువ నీళ్లన్నీ అరేబియా సముద్రంవే" అని రాయకూడదు. నైరుతి గాలి హిందూ మహాసముద్రం దక్షిణ భాగం నుంచి కూడా తేమ తెస్తుంది. కొంత వాన, నేల మీది చెట్ల నుంచీ చెరువుల నుంచీ లేచిన ఆవిరితోనే కురుస్తుంది. పైగా 2015 నుంచి పట్టిసీమ ఎత్తిపోతల ద్వారా గోదావరి నీళ్లు కూడా ప్రకాశం బ్యారేజీకి వస్తున్నాయి. అందుకని వ్యాఖ్యానంలో "చాలా భాగం" అనీ, "అరేబియా సముద్రం మీదుగా వచ్చింది" అనీ రాస్తాం. రెండు మాటలు కలిపితే వాక్యం బరువెక్కదు, అబద్ధమూ కాదు.

కంటికి కనపడనిది కెమెరాకూ కనపడదు

ఆవిరిని చూపించాలనగానే పిల్లలు అన్నం కుండ మీద లేచే తెల్లటి పొగను తీస్తారు. ఆ తెల్లగా కనపడేది ఆవిరి కాదు, అప్పటికే చల్లబడి మళ్లీ నీరైపోయిన సన్నటి తుంపర. నీటి ఆవిరి గాలిలాగే కంటికి కనపడదు. కెటిల్ ముక్కు దగ్గర గమనిస్తే, ముక్కు అంచుకూ తెల్లటి పొగకూ మధ్య కాస్త ఖాళీ జాగా ఉంటుంది. ఆవిరి ఉన్నది ఆ ఖాళీలోనే. కుండ దృశ్యం వాడితే ఇంకో నష్టం కూడా ఉంది. ఆవిరి కావాలంటే నీరు మరగాలన్న పొరపాటు అక్కడే బలపడుతుంది. దండెం మీద తడిబట్ట నీడలో ఆరినా, రాత్రిపూట ఆరినా, నీరు ఆవిరైనట్టే. ఎండ ఉంటే ఆ పని త్వరగా జరుగుతుంది, గాలి వీస్తే ఇంకా త్వరగా జరుగుతుంది.

ఆవిరి కనపడదు కాబట్టి వీడియోలో అది వదిలిపెట్టిన గుర్తును చూపించాలి. మన కాలువల దారిలోనే ఆ గుర్తు ఉంది. కొమ్మమూరు కాలువ ముగిసే పెదగంజానికి దగ్గర్లోనే చినగంజాం ఉప్పు కొఠార్లున్నాయి. మడుల్లో ఉప్పునీరు నిలబెడతారు. ఎండా గాలీ నీటిని పట్టుకుపోతాయి, ఉప్పు కింద మిగులుతుంది. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. అవి ఆవిరితోపాటు లేవవు. సముద్రం ఉప్పగా ఉన్నా దానినుంచి వచ్చే వాన తియ్యగా ఎందుకుంటుందో ఈ మడి ఒక్కటే చెప్పేస్తుంది. అంత దూరం వెళ్లలేని పిల్లలు పళ్లెంలో ఉప్పునీళ్లు పోసి, డాబా మీద పెట్టి, పొద్దున ఒక ఫొటో, సాయంత్రం ఒక ఫొటో తీసినా ఇదే కనపడుతుంది.

మబ్బు ఎలా పట్టింది?

గాలి పైకి లేచేకొద్దీ దాని మీద ఒత్తిడి తగ్గుతుంది. ఒత్తిడి తగ్గితే గాలి వ్యాకోచిస్తుంది, వ్యాకోచిస్తే చల్లబడుతుంది. కిలోమీటరు ఎత్తుకు ఇంచుమించు 10 డిగ్రీలు తగ్గుతుంది. కొంకణ తీరంలో వానాకాలపు గాలి 28 డిగ్రీల వేడిలో ఉందనుకుందాం. అందులో ఉన్న తేమ 25 డిగ్రీల దగ్గర నీరు కావడం మొదలవుతుందనుకుందాం. పైకి వెళ్లేకొద్దీ ఆ హద్దు కూడా కిలోమీటరుకు రెండు డిగ్రీల దాకా జారుతుంది. అందుకని కిలోమీటరుకు దాదాపు 8 డిగ్రీల చొప్పున గాలి ఆ హద్దును అందుకుంటుంది. ఉన్న తేడా 3 డిగ్రీలే. అంటే 400 మీటర్లు ఎక్కకముందే మబ్బు పట్టాలి. మహాబలేశ్వరం ఎత్తు 1,300 మీటర్ల పైమాట. వానాకాలంలో ఆ ఊరు మబ్బులోనే ఉంటుందనడానికి ఈ చిన్న లెక్క చాలు.

చల్లబడిన ఆవిరి గాలిలోని సన్నటి దుమ్ము, ఉప్పు రేణువుల మీద నీటి తుంపరగా కడుతుంది. అదే మబ్బు. ఒక్కో తుంపర వ్యాసార్ధం మిల్లీమీటరులో నూరో వంతు. అంత చిన్నది సెకనుకు ఒక సెంటీమీటరు చొప్పున మాత్రమే కిందికి దిగుతుంది. కింది నుంచి లేచే కొద్దిపాటి గాలికే అది మళ్లీ పైకి పోతుంది. మిల్లీమీటరు వ్యాసార్ధం ఉన్న వాన చినుకు దానికి నూరు రెట్లు పెద్దది. నూరును మూడుసార్లు గుణిస్తే పది లక్షలు. అంటే పది లక్షల తుంపరలు కలిస్తే ఒక్క చినుకు. ఆ చినుకు సెకనుకు ఆరు మీటర్లకు పైగా వేగంతో పడుతుంది. మబ్బు కనపడినంత మాత్రాన వాన పడకపోవడానికి కారణం ఇదే. తుంపరలు కలవనిదే చినుకు లేదు. "మబ్బు బరువెక్కి కురుస్తుంది" అని రాసే బదులు "తుంపరలు కలిసి చినుకు అవుతాయి" అని రాస్తే మాట అంతే పొడవు, విషయం మాత్రం సరైనది.

దీన్ని తెర మీద చూపించడానికి స్టీలు గ్లాసు, ఐసు ముక్కలు చాలు. గ్లాసు బయట చెమరిస్తుంది. కానీ చూసే పిల్లలు "గ్లాసు కారుతోంది సార్" అంటారు. ఆ అనుమానం న్యాయమైనదే. కాబట్టి గ్లాసులో నీళ్లకు ఎర్ర రంగు కలపాలి. బయట కట్టిన బిందువులకు రంగుండదు. ఇంకా గట్టి రుజువు కావాలంటే గ్లాసు మీద మూత పెట్టి, గ్రాము తేడా కూడా చూపే డిజిటల్ కాటా మీద ఉంచాలి. బయట చెమరించేకొద్దీ బరువు ఒకటి రెండు గ్రాములు పెరుగుతుంది. గ్లాసు కారుతుంటే, ఆ నీరు కాటా మీదే ఉన్నా బరువు పెరగదు కదా. బరువు పెరిగిందంటే ఆ నీరు చుట్టూ ఉన్న గాలి నుంచి వచ్చినట్టే. ఈ ప్రయోగం వానాకాలంలో నిమిషాల్లో అవుతుంది. పొడిగాలి వీచే రోజున చెమరించడం ఆలస్యమవుతుంది, అందుకని ముందురోజే ఒకసారి చేసి చూసుకోవాలి.

పసుపు ఆకు చేసే పని

పాఠ్యపుస్తకం బొమ్మలో మొక్కలకు ఒక చిన్న బాణమే దక్కుతుంది. డెల్టాలో మాత్రం అది చిన్న బాణం కాదు. వరి పొలం నుంచీ, దానిలో నిలిచిన నీటి నుంచీ రోజుకు 5 మిల్లీమీటర్ల నీరు గాలిలో కలుస్తుందనుకుంటే, ఒక ఎకరం మీద అది సుమారు 20,000 లీటర్లు. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు నాలుగు. లాకులు దాటి పొలానికి పారిన నీటిలో పెద్ద వాటా ఇలా తిరిగి గాలిలోకే పోతుంది.

దుగ్గిరాల పసుపు మార్కెట్‌కు పేరున్న ఊరు కాబట్టి ప్రయోగానికి పసుపు ఆకునే తీసుకుందాం. పొద్దున తొమ్మిది గంటలకు, పారదర్శకంగా ఉన్న పొడి పాలిథీన్ కవరు ఒక ఆకుకు తొడిగి, కాడ దగ్గర దారంతో కట్టాలి. పక్కనే అలాంటిదే ఇంకో కవరు ఒక ఎండుపుల్లకు కట్టాలి. రెండు గంటలయ్యేసరికి ఆకు ఉన్న కవరు లోపల మసక కమ్మి, బిందువులు కట్టి, అడుగున నీళ్లు చేరతాయి. ఎండుపుల్ల కవరులో అలా జరగదు. ఈ రెండో కవరు లేకపోతే "అది గాలిలోని తేమే కదా" అన్నవారికి చెప్పడానికి మన దగ్గర జవాబు ఉండదు. రెండు కవర్లూ ఒకే చిత్రంలో కనపడేలా తీయాలి. వెలుగు పక్కనుంచి పడి, వెనక ముదురు రంగు ఉంటే బిందువులు స్పష్టంగా వస్తాయి. తీయడం అయ్యాక కవరు విప్పేయాలి, లేకపోతే ఎండకు లోపల ఆకు వాడిపోతుంది.

వ్యాఖ్యానం

తెలుగు మాటలు పొడుగు. చిన్నపిల్లలకు అర్థమయ్యేలా తాపీగా చదివితే నిమిషానికి ఎనభై మాటలకు అటూ ఇటూగా పడతాయి. వార్తలు చదివినట్టు పరుగెత్తితే ఇంకా చాలా పట్టవచ్చు, కానీ వినేవాళ్ల చెవికి ఏదీ అందదు. కింది వ్యాఖ్యానం ఆ కొలతకు రాసింది. ముందు సెకన్లు, దృశ్యం, తరువాత చదవాల్సిన మాట.

0–9. దుగ్గిరాల లాకులు, వంతెన మీంచి.
"ఇవి మా దుగ్గిరాల లాకులు. ఈ కాలువ నీటిలో చాలా భాగం ఆవిరిగా అరేబియా సముద్రం మీదుగా వచ్చింది."

9–18. చేత్తో గీసిన పటం, సముద్రం నుంచి కనుమలకు బాణం.
"సముద్రపు నీరు మరగకుండానే, కంటికి కనపడని ఆవిరై గాలిలో కలిసింది. గాలి దాన్ని పడమటి కనుమల మీదకు ఎక్కించింది."

18–31. ఎర్ర నీళ్లున్న చల్లని గ్లాసు, దగ్గరగా.
"పైకెక్కేకొద్దీ గాలి చల్లబడింది. చల్లని గ్లాసు చెమరించినట్టే, ఆవిరి సన్నటి నీటి తుంపరలైంది. అదే మబ్బు! పది లక్షల తుంపరలు కలిస్తే, ఒక్క వాన చినుకు."

31–38. పటం మీద కృష్ణ దారి వెంట కదిలే వేలు.
"ఆ చినుకులే కృష్ణమ్మై, జలాశయాలు దాటి, మా లాకులకు చేరాయి."

38–49. రెండు కవర్లు, పసుపు ఆకు.
"పసుపు మొక్క ఆ నీటిని వేళ్లతో తాగి, ఆకులతో గాలిలోకి వదిలింది. చూడండి, ఆకు ఉన్న కవరులోనే నీళ్లున్నాయి!"

49–60. ఉప్పు మడి లేదా పళ్లెం.
"కొంత నీరు నేలలో ఇంకింది. కొంత బంగాళాఖాతం చేరింది. అక్కడ నీరు మళ్లీ ఆవిరవుతుంది, ఉప్పు మాత్రం మిగిలిపోతుంది."

ఇందులో బాష్పీభవనం, సాంద్రీకరణం, బాష్పోత్సేకం అన్న పాఠ్యపుస్తకం మాటలు లేవు. అవి పరీక్షకు కావాలి కాబట్టి ఆయా దృశ్యాల మీద అక్షరాలుగా వేయవచ్చు. కంటితో ఆ పేరు చదువుతూ, చెవితో దాని అర్థం వింటే రెండూ కలిసి గుర్తుంటాయి. రెండూ గొంతుతోనే చెప్పబోతే నిమిషం దాటిపోతుంది.

లాకుల దగ్గర నీటి హోరు ఎక్కువ, గాలి మైకులో కొడుతుంది. అందుకని అక్కడ దృశ్యం మాత్రమే తీసి, మాట ఇంట్లో తలుపులు వేసుకుని ఫోనులో రికార్డు చేసి తరువాత కలపాలి. మొదటి మాటల వెనక నీటి హోరు సన్నగా వినిపిస్తే వీడియో ఆ ఊరిదని తెలుస్తుంది.

నిమిషంలో పట్టనివి

ఈ వ్యాఖ్యానం రెండు సంగతులను వదిలేసింది. టీచరు తెర ఆగాక వాటిని చెప్పాలి.

ఒకటి, వాటాలు. మనం ఎంచుకున్న దారి సముద్రం నుంచి కొండకు, కొండ నుంచి కాలువకు. నిజానికి ప్రపంచం మొత్తం మీద సముద్రాల నుంచి లేచిన నీరు వంద పాళ్లనుకుంటే, దాదాపు తొంభై పాళ్లు తిరిగి సముద్రం మీదే కురుస్తాయి. పది పాళ్లే నేల మీదికి వస్తాయి. నేల మీద పడిన వానలోనూ సుమారు మూడింట రెండు వంతులు మొక్కల నుంచీ తడినేల నుంచీ మళ్లీ గాలిలోకి లేస్తాయి. నదులుగా పారేది మిగిలిన మూడో వంతే. పుస్తకంలో బాణాలన్నీ ఒకే మందంలో గీయడం వల్ల ఇది కనపడకుండా పోతుంది. పిల్లలు గీసే పటంలో బాణాల మందం వేరువేరుగా ఉంటే ఆ లోటు తీరుతుంది.

రెండోది, కాలం. గాలిలో ఏ క్షణాన ఉన్న ఆవిరినంతా ఒకేసారి వానగా దించితే భూమి మీద సగటున 25 మిల్లీమీటర్ల నీరు నిలుస్తుంది. ఏడాదికి సగటు వాన సుమారు 1,000 మిల్లీమీటర్లు. అంటే గాలిలోని నీరు ఏడాదిలో నలభైసార్లు మారుతుంది, ఒక్కో విడత తొమ్మిది రోజులు. కానీ అదే నీరు శ్రీశైలంలోనో సాగర్‌లోనో నెలల తరబడి ఆగవచ్చు. నేలలోకి ఇంకి లోతుకు పోయినది ఇంకా ఎంతో కాలం ఉంటుంది. వీడియోలో ఆరు దృశ్యాలూ ఇంచుమించు ఒకే నిడివిలో వస్తాయి కాబట్టి, అన్నిటికీ ఒకే సమయం పడుతుందని పిల్లలు అనుకునే ప్రమాదం ఉంది.

వ్యాఖ్యానం సరిగా పనిచేసిందో లేదో తేల్చుకోవడానికి, జలచక్రం పాఠం ఇంకా వినని ఒక పిల్లకు వీడియో ఒక్కసారి చూపించి మూడు ప్రశ్నలు అడగాలి. మబ్బులో ఉన్నది ఆవిరా, నీరా? గ్లాసు బయటి నీళ్లు ఎక్కడివి? కాలువ నీళ్లు ఏ ఊళ్లో పడిన వానవి? మొదటిదానికి "ఆవిరి" అంటే మూడో దృశ్యం నిదానంగా చదవలేదని అర్థం. రెండోదానికి "లోపలివి" అంటే ఎర్ర రంగు తెర మీద స్పష్టంగా రాలేదన్నమాట. మూడోదానికి "మన ఊళ్లో" అంటే పటం మీద వేలు మరీ త్వరగా జరిగింది. ఏ దృశ్యం మళ్లీ తీయాలో ఆ పిల్ల జవాబులే చెబుతాయి.

దుగ్గిరాల కాకుండా వేరే ఊరి పిల్లలు తీసేటప్పుడు మొదటి, రెండో, నాలుగో, చివరి దృశ్యాల్లో పేర్లు మారతాయి. రేపల్లె పిల్లలకు ఎదురుగా కాలువ చివరి భూములుంటాయి, సముద్రం దగ్గర. బాపట్ల పిల్లలు సూర్యలంక ఒడ్డునే మొదలుపెట్టవచ్చు. కాలువ లేని పల్నాడు మెట్ట గ్రామంలో బోరు నీళ్లతో మొదలుపెట్టి, నేలలో ఇంకిన నీటికి ఎక్కువ సెకన్లు ఇవ్వాలి. గ్లాసు దృశ్యం మాత్రం ఎక్కడైనా అదే. ఆకు దృశ్యంలో ఆ ఊరి పంట ఏదైతే దాని ఆకు తీసుకోవాలి, పక్కన ఎండుపుల్లకు కట్టిన కవరు మాత్రం తప్పకుండా ఉండాలి.